సిగ్మా కింద నీడ

మధ్యాహ్నం రెండు గంటలకు మిల్లక్క తెర మీద మూడో ఎర్ర గుర్తు పడింది.

ఆ హాల్లో ముప్ఫై కుర్చీలు. కింద టైల్సు దుకాణం, పైన వీళ్ళు. ఎక్కడెక్కడి పిల్లలో లెక్క తేలక నెత్తి పట్టుకుని, నోటుపుస్తకంలో పేజీని ఫోటో తీసి పంపుతారు. ఇక్కడ కూర్చున్నవాళ్ళు తొమ్మిది నిమిషాల్లో మెట్టు మెట్టుగా జవాబు రాసి తిప్పి పంపాలి. జవాబు సరైనదైతే పంపినవాళ్ళు పచ్చ గుర్తు పెడతారు, తప్పయితే ఎర్ర గుర్తు. నెలలో మూడు ఎర్రవి పడితే సీటు మూసేస్తారు. మూడోది పడ్డాక గంట గడువు. తప్పు నాది కాదు అని ఆ గంటలో నిరూపించుకుంటే సరి, లేకపోతే సంచీ సర్దుకోవడమే. మొదటి రెండు ఎర్రవి ఎలా పడ్డాయో చెప్పుకుంటూ కూర్చుంటే పొద్దుగూకుతుంది. పడ్డాయి, అంతే.

మిల్లక్క ఊపిరి ఒక్కసారి బిగుసుకుంది. సంచీలోంచి మందు గొట్టం తీసి నోట్లో పెట్టుకుని పీల్చింది. పద్దెనిమిదేళ్ళు నూలు మిల్లులో, దారం వడికే విభాగంలో పనిచేసిన మనిషి. తెగిన పోగు పట్టుకుని కండెకు అతకడం, మళ్ళీ ఇంకో పోగు, మళ్ళీ ఇంకోటి. గాలి నిండా దూది. ఆ దూది ఊరికే ఉండదు, లోపలికి పోయి ఊపిరితిత్తుల్లో కాపురం పెడుతుంది. డాక్టరు ఛాతీ ఎక్స్‌రే ఫోటోను వెలుతురుకు పట్టి చూపించి, ఇంకోసారి ఆ గదిలో అడుగు పెడితే నా దగ్గరికి రావొద్దు, నేను చేసేదేం ఉండదు అన్నాడు. అలా బయటికొచ్చింది.

లెక్కలు ఆమెకు ఎవరూ చెప్పలేదు. తమ్ముడు పరీక్ష తప్పి మూలన పారేసిన పుస్తకాలు తీసుకుని, మిల్లులో అన్నాల విరామంలో దూదిబేళ్ళ మీద కూర్చుని నేర్చుకుంది. తోటివాళ్ళు కలెక్టరమ్మా అని వెక్కిరించేవాళ్ళు. ఈ ఆఫీసు మొదలైన కొత్తలో మేనేజరు ఒకాయన ఉండేవాడు. సర్టిఫికెట్టు సంగతి తర్వాత, ముందు ఈ ఇరవై లెక్కలు చెయ్యండి అన్నాడు. పంతొమ్మిది చేసింది. ఆయన వెళ్ళిపోయాడు. ఇప్పుడు ఏ గుమ్మం తొక్కినా మొదటి ప్రశ్న ఒకటే, డిగ్రీ కాగితం ఎక్కడ అని. బుర్రలో ఏముందో ఎవడికీ అక్కర్లేదు. ఈ కుర్చీ పోతే ఆమెకు మిగిలింది మిల్లు. మేస్త్రీ ఇప్పటికీ కనబడితే, ఎప్పుడొస్తావు అని అడుగుతాడు. చేతివేగం గల మనిషి కదా, మళ్ళీ తీసుకుంటాడు. చచ్చేదాకా ఉంచుకుంటాడు. అదేమంత దూరమూ కాదు.

కనుక ఇప్పుడు ఆమె ముందున్నది ఒక లెక్క మాత్రమే కాదు.

పొద్దున పదిన్నరకు రాసిన జవాబది. ఒక అమ్మాయి నోటుపుస్తకం ఫోటో. గణితానుగమనంతో నిరూపించుము అని పైన రాసుంది. కింద కూడికకు పెట్టే సిగ్మా గుర్తు, దాని పక్కన k(k+1), సమానం, n(n+1)(n+2)/3 − 2. ఫోటో పట్టుకున్న బొటనవేలి నీడ పేజీ అడుగు నుంచి సిగ్మా పాదం దాకా పడింది. ఫోటో పక్కనే, యంత్రం తానుగా చదివి అచ్చులో దించిన ప్రశ్న ఉంటుంది. అందులో k = 1 నుంచి n వరకు అని శుభ్రంగా ఉంది. అందరూ చదివేది ఆ అచ్చునే. తొమ్మిది నిమిషాల్లో నీడలు ఎవడు చూస్తాడు?

ఎర్ర గుర్తు కింద ఆ అమ్మాయి రాసింది ఒక్క మాట. తప్పు అంట, మేడం కొట్టేసింది. ఏది తప్పో లేదు. తిరిగి అడగడానికి దారి లేదు.

మిల్లక్క కాగితం ముందుకు లాక్కుంది. తప్పు ఉంటే రెండో మెట్టులోనే, ఒక సంఖ్యకు నిజమైతే తరవాతిదానికీ నిజమని చూపేచోటే ఉండాలి అనుకుంది. కష్టమంతా అక్కడే కదా ఉండేది. m దాకా నిజం అనుకుందాం. అంటే m వరకు కూడితే m(m+1)(m+2)/3 − 2 వస్తుంది. ఇప్పుడు రెండు వైపులా తరవాతి పదం కలపాలి. తరవాతి పదం (m+1)(m+2). కుడివైపు (m+1)(m+2) రెండు చోట్లా ఉంది, దాన్ని బయటికి తీస్తే లోపల m/3 + 1 మిగులుతుంది. అంటే (m+3)/3. మొత్తం (m+1)(m+2)(m+3)/3 − 2. సూత్రంలో m ఉన్నచోట m+1 పెడితే వచ్చేదీ అదే. వెంట్రుకవాసి తేడా లేదు.

రెండోసారి చేసింది. అదే వచ్చింది. మూడోసారి బ్రాకెట్లన్నీ విప్పి గుణించి, చెత్తంతా కూడి చేసింది. అదే. గడియారం రెండూ ఇరవై రెండు చూపిస్తోంది. చేతులు చెమటపట్టి కాగితం తడిసింది. తప్పు ఉండి కనబడకపోతే ఒక బాధ. తప్పే లేకుండా ఉరి వేస్తుంటే ఇంకో బాధ. ఈ రెండిట్లో తనది ఏదో కూడా తెలియడం లేదు.

పక్కసీటు పిల్ల కుర్చీ జరుపుకుని వచ్చింది. పాతికేళ్ళుండవు, లెక్కల్లో డిగ్రీ చేసింది, మిల్లక్కను మొదటిరోజు నుంచీ పిన్నీ అనే పిలుస్తుంది. కాగితం లాక్కుని పెదాలు కదుపుతూ చదివింది. అంతా చూసి, నిక్షేపంలా ఉందనీ, ఆ మేడమ్మే కళ్ళద్దాలు మర్చిపోయి దిద్దుంటుందనీ అంది. నవ్వించాలని అన్న మాటే. మిల్లక్కకు నవ్వు రాలేదు. మేడం కళ్ళద్దాల మీద నా ఊపిరి పెట్టలేను తల్లీ అని గొణిగింది.

రెండూ ముప్ఫైకి లీడరు వచ్చి నిలబడ్డాడు. ఈ వరస కుర్చీలకు పెద్ద. మిల్లక్క కంటే పదిహేనేళ్ళు చిన్న. చెడ్డవాడేమీ కాదు, పైవాళ్ళ ఫోన్లకు అలవాటుపడి మెడ కాస్త ముందుకు వంగిపోయినవాడు. ఏమైనా దొరికిందా అక్కా అని అడిగాడు. దొరకలేదంది. అతను గడియారం చూసి, ఇంకో ముప్ఫై నిమిషాలు ఉన్నాయి కంగారు పడొద్దు అని చెప్పి కంగారుపడుతూ వెళ్ళిపోయాడు.

అప్పుడు పక్కసీటు పిల్ల తెర మీదికి కొత్త ఫోటో వచ్చి పడింది. ఇంకో అనుగమనం లెక్క. ఆమె ప్రశ్న చదవనే లేదు, వేలు అలవాటుగా పైవరస మీటల్లో ఒకదాని మీద పడింది. జవాబు పెట్టెలో టకీమని రెండు వాక్యాలు ప్రత్యక్షమయ్యాయి.

n = 1 అయినప్పుడు ఎడమవైపు, కుడివైపు సమానం. కనుక n = 1 కు ప్రవచనం సత్యం.

మిల్లక్క ఆ రెండు వాక్యాల వంక చూస్తూ ఉండిపోయింది. ఆ మీట అందరికీ తెలిసినదే. అనుగమనం లెక్కకు మొదటి మెట్టు ఎప్పుడూ ఒకటే కదా, రాయడానికి ఒకటిన్నర నిమిషం దండగ కదా అని పైవాళ్ళు పోయినేడు అచ్చు వాక్యం చేసి ఆ మీటకు కట్టారు. అప్పటినుంచి ముప్ఫై కుర్చీల్లో ఒక్కరు కూడా మొదటి మెట్టు రాయలేదు. తనూ రాయలేదు.

"ఎడమవైపు ఎంతొచ్చింది నీకు?" అని అడిగింది.

పిల్లకు అర్థం కాలేదు. "దేనికి పిన్నీ?"

"ఒకటి పెడితే. సమానం అన్నావుగా. ఎంతకు ఎంత సమానం?"

పిల్ల మీట వైపు చూసింది, అది జవాబు చెబుతుందన్నట్టు.

మిల్లక్క అప్పటికే తన కాగితం మీద రాస్తోంది. n = 1. ఎడమవైపు ఒక్కటే పదం, 1 × 2, అంటే 2. కుడివైపు 1 × 2 × 3, ఆరు, మూడుతో భాగిస్తే 2, అందులోంచి 2 తీసేస్తే సున్నా.

రెండు. సున్నా.

మూడుసార్లు తిరగేసి చూసుకున్న రెండో మెట్టు నిజంగానే సరైనది. m కు నిజమైతే m+1 కూ నిజమే. కానీ ఆ m కి నిజమని ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. మిల్లులో కొత్తగా చేరినవాళ్ళు ఇలాగే చేస్తారు. కండెకు మొదటి పోగు చుట్టకుండా మిషను వేస్తారు. కదురు గిర్రున తిరుగుతుంది, చప్పుడు బ్రహ్మాండంగా ఉంటుంది, గంట తరవాత చూస్తే కండె బోడిగా ఉంటుంది. కదురులో లోపం వెతికితే దొరకదు. లోపం దానిలో లేదు. పద్దెనిమిదేళ్ళలో ఎంతమందిని తిట్టిందో, ఇంతింత కళ్ళు పెట్టుకుని మొదటి పోగు చూడవా అని. ఆ తిట్లన్నీ ఇప్పుడు వెనక్కి తిరిగి వచ్చి తన చెంప మీదే పడ్డాయి.

మేడం కొట్టేసింది అంటే న్యాయంగానే కొట్టేసింది. రెండు సున్నాకు సమానమని రాసి సంతకం పెట్టిన మనిషిని ఇంకేం చేస్తారు?

గడియారం రెండూ ముప్ఫై ఎనిమిది.

అయితే ప్రశ్నే తప్పా? ఇచ్చినవాళ్ళు తప్పిచ్చారా? కాగితం మీద పెన్ను కొనతో పొడుస్తూ ఆలోచించింది. ఎడమవైపు రెండు ఎక్కువుంది. ఎప్పుడు చూసినా అదే రెండు ఎక్కువ ఉంటుంది, ఎందుకంటే ఆ తరవాత రెండు వైపులా కలిపేది ఒకే పదం. కుడివైపు చివర వేలాడుతున్న ఆ − 2 ఎక్కడినుంచి వచ్చినట్టు? ఎవరో ఒక రెండును తీసేశారు. ఏ రెండును? 1 × 2 ను. మొదటి పదాన్ని. అంటే కూడిక ఒకటి దగ్గర మొదలు కాలేదు.

ఆమె ఫోటోను తెర నిండా పెద్దది చేసింది. వెలుతురు పెంచింది. బొటనవేలి నీడ బూడిదరంగుకు తిరిగింది. సిగ్మా అడుగున k, సమానం గుర్తు, దాని పక్కన చీకట్లో ఒక వంపు, కింద చిన్న గీత. ఒకటికి వంపు ఉండదు. అది రెండు. యంత్రానికి నీడలో ఏమీ కనబడక, మామూలుగా ఉండేది ఒకటే కదా అని ఒకటి వేసేసింది. దాన్ని చూసి ఈమె, ఈమెను చూసి ఆ మీట. అందరూ ఒకరి భుజం మీద ఒకరు తల పెట్టుకుని నిద్రపోయారు.

రెండూ నలభై రెండుకు రాయడం మొదలుపెట్టింది. ఈసారి మీట జోలికి పోలేదు.

ఫోటోలో సిగ్మా అడుగున ఉన్నది k = 2 అని మొదట రాసింది. k = 1 అని తీసుకుంటే n = 1 దగ్గరే 2, సున్నా సమానం కావాల్సి వస్తుందనీ, అది కుదరదనీ, ఇంతకు ముందు పంపిన జవాబులో తప్పు అదేననీ రాసింది. తరవాత మొదటి మెట్టు అని వేరే వరసలో పెట్టి కింద గీత గీసింది. n = 2. ఎడమవైపు 2 × 3 = 6. కుడివైపు 2 × 3 × 4 / 3 − 2 = 8 − 2 = 6. రెండూ ఆరు. ఆ ఆరు, ఆరు పక్కపక్కన చూసుకునేసరికి ఛాతీలో ఏదో కాస్త సడలింది.

రెండో మెట్టు అని ఇంకో గీత. m అనేది 2 గానీ అంతకంటే పెద్దది గానీ అయిన ఒక పూర్ణసంఖ్య. దానికి ఈ మాట నిజమని అనుకుందాం. అనుకున్న మాట ఏమిటో పూర్తిగా రాసింది, 2·3 + 3·4 + … + m(m+1) = m(m+1)(m+2)/3 − 2 అని. దీన్నుంచి m+1 కు రాబట్టాల్సింది ఏమిటో కూడా ముందే రాసింది, చదివే పిల్లకు గమ్యం కనబడాలి కదా. తరవాత (m+1)(m+2) ను రెండు వైపులా కలిపింది. పొద్దున చేసిన పనే, అక్షరం మారలేదు. చివర్న, n = 2 కు నిజం, ఒకదానికి నిజమైతే తరవాతిదానికీ నిజం, కనుక 2 నుంచి మొదలై అన్ని పూర్ణసంఖ్యలకూ నిజం అని ముగించింది.

రెండూ యాభైకి లీడరు మళ్ళీ వచ్చాడు. ఆమె జరిగింది చెప్పింది. అతను ఫోటోలో నీడ చూడగానే మొహం వెలిగిపోయింది. ఇంకేం అక్కా, బతికిపోయావు అన్నాడు. ఫోటో అస్పష్టం అని ఒక ఫారం ఉంది, అది నింపి పంపితే ఎర్ర గుర్తు ఆటోమేటిగ్గా పోతుంది, ప్రశ్న మూసేస్తారు, సీటు నిలబడుతుంది అన్నాడు. తనే వంగి ఫారం తెరిచి పెట్టాడు.

ఫారంలో టిక్కు పెట్టాల్సినవి రెండు. ఒకటి, ఫోటోలో కొంత భాగం కనబడటం లేదు. నిజమే. రెండోది, జవాబులోని ప్రతి మెట్టూ, మొదటి మెట్టుతో సహా, నేను స్వయంగా సరిచూసి పంపాను.

మిల్లక్క మొదటిదానికి టిక్కు పెట్టింది. బాణం రెండోదాని మీదికి తీసుకెళ్ళింది. అక్కడ ఆగింది.

ఆగిందంటే పెద్ద ధీరురాలని కాదు. పెట్టాలనే ఉంది. దూది దుమ్ము కళ్ళ ముందు ఆడింది, మేస్త్రీ మొహం కనిపించింది, డాక్టరు పట్టుకున్న ఫోటో కనిపించింది. ఒక్క నొక్కు. ముప్ఫైమందీ రోజుకు వందసార్లు నొక్కే నొక్కే కదా. అయినా వేలు దిగలేదు.

"పెట్టక్కా. ఎనిమిది నిమిషాలే ఉంది," అన్నాడు లీడరు.

"నేను సరిచూడలేదు బాబూ."

"ఎవరు చూశారు గనక? ఎవరూ చూడరు. అది ఊరికే ఫారం."

"చూడకుండా సమానం అన్నందుకే ఇక్కడ దాకా వచ్చాను. ఇప్పుడు చూడకుండా చూశాను అనమంటావా?"

అతను చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. సరిచేసిన జవాబు ఇప్పుడు పంపినా గడువులోగా పచ్చ గుర్తు రాదనీ, తప్పు ఒప్పుకున్న కాగితం పైకి పోతే సీటు తప్పకుండా పోతుందనీ, మీట సంగతి అందులో రాస్తే తనకు కూడా మూడుతుందనీ చెప్పాడు. బెదిరించలేదు, బతిమాలాడు. అది ఇంకా కష్టంగా ఉంది. ప్రశ్న మూసేస్తే ఆ అమ్మాయికి ఏం వెళుతుంది అని మిల్లక్క అడిగింది. ఏమీ వెళ్ళదు, ఫోటో సరిగా తీయలేదు అని వెళుతుంది అన్నాడు. మరి ఇది, అని ఆమె తను రాసిన రెండు మెట్లూ చూపించింది. అతను గడియారం వైపు చూశాడు.

రెండూ యాభై ఆరుకు మిల్లక్క ఫారం మూసేసింది. నిరూపణ పంపింది. సంజాయిషీ పెట్టెలో నాలుగు వాక్యాలు రాసింది. మొదటి మెట్టు నేను చూడలేదు. మీట నొక్కాను. ఇక్కడ అందరం నొక్కుతాం. ఆ మీట చెప్పేది లెక్క చేయకముందే చెబుతుంది, కనుక అది అబద్ధం, నిజమైనప్పుడు కూడా.

మూడు కొట్టగానే తెర నల్లబడింది. ఏ హెచ్చరికా లేదు. ఆమె పేరున్నచోట ఖాళీ గడి, అంతే. మందు గొట్టం, కళ్ళద్దాల పెట్టె, లెక్క కాగితాలు సంచీలో వేసుకుంది. లేచేటప్పుడు కుర్చీని బల్ల కిందికి తోసింది, అలవాటు కొద్దీ.

పక్కసీటు పిల్ల ఆమె మొహంలోకి చూడలేకపోయింది. దాని తెర మీద ఇందాకటి లెక్క, గడువు దాటిపోయి, ఇంకా అలాగే ఉంది. ఆ రెండు అచ్చు వాక్యాలూ చెరిపేసి ఉన్నాయి. ఖాళీ పెట్టె ముందు కాగితం పెట్టుకుని n = 1 అని రాస్తోంది. తల ఎత్తకుండానే, పిన్నీ, దీనికి ఎడమవైపు మూడు, కుడివైపు మూడు అంది. మిల్లక్క దాని భుజం తట్టి కదిలింది.

మెట్లు దిగుతుంటే ఆయాసం వచ్చింది. రెండో అంతస్తు, లిఫ్టు లేదు. సగంలో కూర్చుండిపోయింది. కింద దుకాణంలో ఎవరో టైలు కోస్తున్నారు, తెల్లటి పొడి మెట్ల దాకా లేస్తోంది. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. ఇక్కడినుంచి బయటికి పోతే ఎడమకు బస్టాండు, కుడికి మిల్లు. రెండూ నడిచేంత దూరమే. ఎటూ లేవబుద్ధి కాలేదు. ఏడుపు కూడా రాలేదు. ఏడవడానికి కావలసినంత ఊపిరి లేదు.

ఎంతసేపు కూర్చుందో. పైనుంచి చెప్పుల చప్పుడయింది. లీడరు. గబగబా దిగివచ్చి రెండు మెట్ల పైన ఆగిపోయాడు. ఫోను చేతిలో మోగుతూనే ఉంది, ఎత్తడం లేదు.

ఆ అమ్మాయి పచ్చ గుర్తు పెట్టింది అని చెప్పాడు. మూడు గంటల నాలుగు నిమిషాలకు పెట్టింది. నాలుగు నిమిషాలు ఆలస్యం, లెక్కలోకి రాదు. చెప్పి ఇంకా నిలబడే ఉన్నాడు.

"ఇంకేంటి?"

"పైన ఎవరూ మీట నొక్కడం లేదక్కా. నీ పక్కసీటు పిల్ల మొదలుపెట్టింది. నువ్వు సంజాయిషీ రాస్తుంటే పక్కనుంచి చూసి, ఆ మాటలే అందరికీ వినిపించిందంట. అందరూ కాగితాలు ముందేసుకుని ఒకటి పెట్టి, రెండు పెట్టి చూస్తున్నారు. జవాబు వెళ్ళని ప్రశ్నలు నూట నలభై దాటాయి. పైవాళ్ళు ఒకటే ఫోన్లు." అతను నుదురు తుడుచుకున్నాడు. "నువ్వొచ్చి చెబితే వింటారు."

"ఏమని చెప్పను?"

"మామూలుగా చెయ్యమని."

మిల్లక్క మందు గొట్టం తీసి పీల్చింది. పట్టి ఉంచింది. మెల్లగా వదిలింది.

"మామూలుగానే చేస్తున్నారుగా. ఇన్నాళ్ళూ చేసిందే మామూలు కాదు. నా సీటు సంగతి ఏమన్నారు?"

ఫోను ఆగి మళ్ళీ మోగింది.

"అది కనుక్కుని రా. అందాకా ఇక్కడే కూర్చుంటాను," అంది. సంచీలోంచి లెక్క కాగితం తీసి, రెండు, సున్నా అని రాసుకున్న వరస మీద వేలు పెట్టి, గోడకు ఆనుకుని కూర్చుంది. లీడరు ఫోను ఎత్తి, ఆఁ సార్, ఇక్కడే ఉందండీ అంటూ పైకి ఎక్కసాగాడు.